ప్రదేశ వర్ణనలో ‘వస్తువులు’, ‘అవీ ఇవీ’, ‘బాగుంది’ బదులు ఏం రాయాలి? సమగ్ర మార్గదర్శి

‘నేను చూసిన ఒక ప్రదేశం’ అనే వ్యాసాన్ని దిద్దిన ఉపాధ్యాయులు పక్కన ‘స్పష్టత లేదు’ అని రాసి ఇస్తే, ఏ మాట తీసేయాలో, దాని చోట ఏ మాట పెట్టాలో తెలియడం లేదని విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ తరచుగా అడుగుతున్నారు. ఈ మార్గదర్శిలో ఆ పనిని ఒకే ఒక్క పేరా మీద మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. ఉదాహరణగా నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలోని మైపాడు సముద్రతీరాన్ని తీసుకున్నాను. నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ తీరాన్ని మన ప్రాంతపు పిల్లలు చాలామంది చూసే ఉంటారు కాబట్టి, మార్చిన వాక్యం నిజానికి దగ్గరగా ఉందో లేదో మీరే పోల్చి చూసుకోవచ్చు.

మనం దిద్దబోయే పేరా ఇది:

“మేము మైపాడు బీచ్‌కి వెళ్లాము. అక్కడ చాలా బాగుంది. ఒడ్డున పడవలు, ఇంకా రకరకాల వస్తువులు ఉన్నాయి. కొంతమంది అవీ ఇవీ అమ్ముతున్నారు. వాతావరణం ఎంతో ఆహ్లాదకరంగా ఉంది. సాయంత్రం సముద్రంలో సూర్యాస్తమయం అద్భుతంగా ఉంది. మాకందరికీ చాలా ఆనందం కలిగింది.”

ఇందులో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అయినా మైపాడు అన్న పేరు తీసి ప్రకాశం జిల్లాలోని కొత్తపట్నం పేరు పెట్టినా, విశాఖపట్నం పేరు పెట్టినా మరొక్క అక్షరం మార్చనక్కర్లేదు. మీ వ్యాసానికి కూడా ముందుగా ఈ పరీక్షే పెట్టండి. ఊరి పేరు మార్చినా వాక్యం చెల్లుతూనే ఉంటే, అది ఆ ఊరి గురించి ఇంకా ఏమీ చెప్పలేదన్నమాట.

1. రాయడానికి ముందు సిద్ధం చేసుకోవలసినవి

స్పష్టమైన మాట నిఘంటువులో దొరకదు, చూసిన జ్ఞాపకంలో దొరుకుతుంది. అందువల్ల వ్యాసం మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఈ కింది వాటికి ముక్కలు ముక్కలుగా సమాధానాలు రాసుకోవాలి. పూర్తి వాక్యాలు అవసరం లేదు.

- ఏ నెల, ఏ పూట, ఎండా మబ్బా?
- నేను ఎక్కడ నిలబడి చూశాను? నా ముందు ఏముంది, వెనక ఏముంది?
- అక్కడి మనుషులు చేతులతో ఏ పని చేస్తున్నారు?
- కంటికి కాకుండా చెవికి, ముక్కుకు, చర్మానికి తెలిసినది ఏమైనా ఉందా?
- పేరు తెలియని వస్తువు ఏదైనా చూశానా? దాని ఆకారం ఏమిటి, దేనికి వాడుతున్నారు?

చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. పేరు తెలియని చోటే ‘ఏదో వస్తువు’ అన్న మాట చొరబడుతుంది కాబట్టి, నిజానికి అన్నింటికన్నా ఎక్కువగా పనికివచ్చేది ఆ ప్రశ్నే.

2. అస్పష్టమైన మాటలకు గుర్తు పెట్టడం

మొదటి ప్రతిని మామూలుగానే రాయండి. రాసేటప్పుడే ప్రతి మాట దగ్గరా ఆగితే వ్యాసం ముందుకు సాగదు. పూర్తయ్యాక పెన్సిలుతో మూడు రకాల మాటల కింద గీత గీయండి.

మొదటి రకం, పేరు చెప్పకుండా తప్పించుకునే మాటలు: వస్తువులు, సామాన్లు, అవీ ఇవీ, ఏవేవో, మొదలైనవి. రెండో రకం, తీర్పు మాత్రమే చెప్పి కారణం చెప్పని మాటలు: బాగుంది, అందంగా, ఆహ్లాదకరంగా, అద్భుతంగా, మనోహరంగా. మూడో రకం, కొలత చెప్పని మాటలు: చాలా, ఎన్నో, ఎంతో, రకరకాల, అనేక.

పై పేరాలో ఏడు వాక్యాలుంటే, మొదటిది తప్ప మిగిలిన ఆరింటిలోనూ గీత పడుతుంది. తెలుగులో ఇంకొక సులువైన గుర్తు కూడా ఉంది. ‘-గా ఉంది’ అని ముగిసే వాక్యాలన్నింటినీ ఒకసారి వరసగా చదవండి. ‘చల్లగా ఉంది’, ‘బురదగా ఉంది’ అన్నవి ఫరవాలేదు, ఎందుకంటే అవి ఒక స్థితిని తెలుపుతాయి. ‘అందంగా ఉంది’, ‘అద్భుతంగా ఉంది’ అన్నవి చూసినవాడి మెప్పును మాత్రమే తెలుపుతాయి. ఆ రెండో తరహా వాక్యాలే దిద్దవలసినవి.

3. ‘వస్తువులు’ అన్న చోట పేరు పెట్టడం

“రకరకాల వస్తువులు ఉన్నాయి” అన్న వాక్యాన్ని మెట్లు మెట్లుగా కిందికి దించుదాం.

- ఒడ్డున వస్తువులు ఉన్నాయి.
- ఒడ్డున చేపల వేటకు వాడే సామగ్రి ఉంది.
- ఒడ్డున వలలు ఉన్నాయి.
- ఒడ్డున నీలిరంగు నైలాను వలను ఇసుకపై పరిచారు.
- ఇద్దరు జాలర్లు నీలిరంగు నైలాను వలను ఇసుకపై పరిచి, చిరిగిన కళ్లను దారంతో అల్లుతున్నారు.

రెండో మెట్టు దగ్గరే ఆగిపోయేవారు ఎక్కువ. ‘సామగ్రి’ అన్నది ‘వస్తువులు’ కన్నా కొంత నయమే గాని, చదివేవాడి కళ్ల ముందు అప్పటికీ ఏ ఆకారమూ నిలవదు. మూడో మెట్టులో ఆకారం వస్తుంది, నాలుగో మెట్టులో రంగు, పదార్థం తెలుస్తాయి, అయిదో మెట్టులో పని కూడా కనబడుతుంది. సాధారణంగా వ్యాసానికి నాలుగో మెట్టు గాని అయిదో మెట్టు గాని సరిపోతుంది. అంతకన్నా కిందికి దిగి, వల పొడవు ఎన్ని మీటర్లో, కన్ను ఎన్ని మిల్లీమీటర్లో రాస్తే అది వేటపై నివేదిక అవుతుంది, ప్రదేశ వర్ణన కాదు.

పేరు తెలియకపోతే రెండు దారులున్నాయి. మొదటిది, అక్కడున్నవారిని అడగడం. “ఇదేంటన్నా?” అని అడిగితే జాలర్లు ఓపికగా చెబుతారు. వల అంచున తేలే తెల్లని గుండ్రటి ముక్కలను బెండ్లు అంటారనీ, పడవ ముందు భాగం అణియం, వెనక భాగం అమరం అనీ అలాగే తెలుస్తుంది. అయితే ఇలాంటి వృత్తి పదాన్ని వాడినప్పుడు అర్థం అదే వాక్యంలో తెలిసిపోవాలి: “వలను నీటిపై తేల్చే తెల్లని బెండ్లు.” ఒక పేరాలో ఇలాంటి పదం ఒక్కటి చాలు.

రెండో దారి, పేరు లేకుండానే ఆకారాన్నీ ఉపయోగాన్నీ కలిపి చెప్పడం. ఇసుక మీద పాకే తీగ పేరు తెలియకపోతే “ఏదో మొక్క” అని రాయవద్దు. “ఇసుక మీద బారులు తీరి పాకి, ఊదారంగు పూలు పూసిన తీగ” అని రాస్తే పేరు లేని లోటు కనబడదు. ఊహించి తప్పు పేరు పెట్టడం కన్నా ఇది ఎంతో మేలు.

‘అవీ ఇవీ అమ్ముతున్నారు’ అన్న వాక్యానికీ ఇదే పద్ధతి. అమ్మేవన్నీ జాబితాగా రాయనక్కర్లేదు. ఒకటో రెండో ఎంచుకుని, అమ్మేవారి చేతిపనితో కలిపి చెప్పండి: “ఒకామె బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాలుస్తూ, కాలిన కంకికి నిమ్మచెక్కతో ఉప్పుకారం రుద్ది ఇస్తోంది.” సముద్రతీరమే కానక్కర్లేదు, “ఉదయగిరిలో చెక్క వస్తువులు దొరుకుతాయి” అన్నదానికన్నా “ఉదయగిరిలో చెక్కతో చేసిన చెంచాలు, గరిటెలు దొరుకుతాయి” అన్నది ఒకే అడుగులో స్పష్టమైన వాక్యం అవుతుంది.

4. ‘బాగుంది’ వెనక ఉన్న కారణాన్ని బయటికి తేవడం

ఇక్కడే ఎక్కువ మంది దారి తప్పుతారు. ‘బాగుంది’ వాడకూడదని చెప్పగానే దాని చోట ‘రమణీయంగా ఉంది’, ‘నయనానందకరంగా ఉంది’, ‘మనోజ్ఞంగా ఉంది’ అని రాస్తారు. మాట బరువెక్కింది గాని సమాచారం పెరగలేదు. చదివేవాడికి ‘బాగుంది’ అన్నప్పుడు తెలియనిది ‘నయనానందకరం’ అన్నప్పుడు కూడా తెలియదు. కాబట్టి ఈ మాటకు పర్యాయపదం వెతకవద్దు. కారణం వెతకండి.

దానికి ఒక ప్రశ్న చాలు: “ఏం చూసి, ఏం విని, ఏం తగిలి నాకు బాగుందనిపించింది?” ఒకరికి చల్లదనం బాగుంటుంది, ఇంకొకరికి నిశ్శబ్దం, మరొకరికి సందడి. ‘బాగుంది’ అన్న ఒకే మాట వీటన్నిటినీ కప్పేస్తుంది. ముందు మీ ‘బాగుంది’ వీటిలో ఏదో తేల్చుకోండి, ఆ తరువాత దానికి సాక్ష్యం రాయండి.

- చల్లగా ఉందని చెప్పాలంటే: “వీపుకు అంటుకుపోయిన చొక్కా సముద్రపు గాలికి ఆరడం మొదలైంది.”
- ప్రశాంతంగా ఉందని చెప్పాలంటే: “అల వెనక్కి మళ్లినప్పుడు తడి ఇసుకలో నీరు ఇంకే సన్నని చప్పుడు కూడా వినబడింది.”
- సందడిగా ఉందని చెప్పాలంటే: “అల వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తూ ఒడ్డుకు పరుగెత్తి, అది తిరిగిపోగానే మళ్లీ దాని వెంటపడ్డారు.”
- శుభ్రంగా ఉందని చెప్పాలంటే: “కనుచూపు మేర ఇసుకలో ఎండ్రకాయల బొరియలు తప్ప ఒక్క ప్లాస్టిక్ సంచీ కనబడలేదు.”

ఈ నాలుగు వాక్యాల్లో ఏ ఒక్కదానిలోనూ చల్లగా, ప్రశాంతంగా, సందడిగా, శుభ్రంగా అన్న మాటలు లేవు. అయినా చదివేవాడు ఆ నిర్ణయానికి తనంతట తానే వస్తాడు. సాక్ష్యం బలంగా ఉన్నప్పుడు తీర్పు మాటను తీసేయడమే మంచిది. “చొక్కా ఆరడం మొదలైంది, చాలా హాయిగా అనిపించింది” అని రెండూ రాస్తే రెండోది మొదటిదాన్ని పలచన చేస్తుంది.

పై నాలుగింటినీ ఒకే పేరాలో పెట్టకూడదని కూడా గమనించాలి. ప్రశాంతత, సందడి ఒకే క్షణంలో ఒకే చోట ఉండవు. మీరు చూసిన పూట ఏది నిజమో దాన్నే ఉంచి, మిగిలినవి వదిలేయండి.

‘ఆనందం కలిగింది’ అన్నదీ ఈ రకానికే చెందుతుంది. మనిషి ఆనందం అతని చేష్టలో కనబడుతుంది. “నాన్న రెండుసార్లు పిలిచినా చెల్లెలు నీళ్లలోంచి రాలేదు” అని రాస్తే ఆనందం అన్న మాట అవసరం లేదు.

5. ‘చాలా’, ‘ఎన్నో’ బదులు కొలత

లెక్కపెట్టగలిగినవైతే సుమారు అంకె చెప్పండి: “చాలా పడవలు” బదులు “పది పన్నెండు పడవలు”. లెక్కపెట్టలేనివైతే కొలతగా కనబడే మరో విషయం చెప్పండి: “చాలామంది జనం” బదులు “చెప్పులు విడిచిన చోటు వెతుక్కోవలసినంత జనం”. లెక్కపెట్టకుండా ‘నూట ఇరవై మూడు పడవలు’ అని ఖచ్చితంగా రాయడం మాత్రం అబద్ధమే అవుతుంది. ‘పది పన్నెండు’, ‘పాతిక దాకా’ వంటి జంట మాటలు, ఉజ్జాయింపు మాటలు మన భాషలో నిజాయితీగా ఉంటాయి.

6. ‘ఉన్నాయి’ అన్న క్రియను మార్చడం

పేరు స్పష్టంగా పెట్టాక కూడా వాక్యం చప్పగా ఉంటే, లోపం తరచుగా క్రియలో ఉంటుంది. “పడవలు ఉన్నాయి” అన్నప్పుడు అవి ఎలా ఉన్నాయో తెలియదు. వరసగా నిలిపారా, ఒక పక్కకు ఒరిగాయా, బోర్లించారా, తాళ్లతో కట్టారా, నీటిలో ఊగుతున్నాయా? ఈ అయిదింటిలో నిజమైన దాన్ని వేస్తే విశేషణం అక్కర్లేదు. ప్రతి వాక్యంలోనూ ఇలా మార్చవద్దు. పేరాకు రెండు మూడు చోట్ల మారిస్తే చాలు.

7. వివరం ఆ చోటుకూ, ఆ వేళకూ సరిపోతుందా?

స్పష్టమైన మాటకు ఒక ప్రమాదం ఉంది. అస్పష్టమైన వాక్యం తప్పు కాజాలదు, స్పష్టమైన వాక్యం తప్పు కాగలదు. మన పేరాలో “సముద్రంలో సూర్యాస్తమయం” అని ఉంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరం తూర్పు తీరం. ఇక్కడ సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు, నేల వైపు అస్తమిస్తాడు. మైపాడులో సముద్రానికి ఎదురుగా నిలబడి సూర్యాస్తమయం చూడడం అసాధ్యం. ‘అద్భుతంగా ఉంది’ అన్న రెడీమేడ్ మాటతో పాటు ఎక్కడో చదివిన దృశ్యం కూడా వచ్చి చేరింది.

దీన్ని తీసేసి ఊరుకోవద్దు. సాయంత్రం తూర్పు తీరంలో నిజంగా ఏం జరుగుతుందో ఆలోచించండి. పొద్దు మన వెనక, సవక తోటల మీదికి వాలుతుంది. అందువల్ల మన నీడలు సముద్రం వైపు సాగుతాయి. పడమటి తీరంలో రాయలేని వాక్యం ఇక్కడ దొరికింది: “మా నీడలు నీళ్లను తాకేంత పొడవయ్యాయి.”

కాలం విషయంలోనూ ఇలాంటి తప్పులు వస్తాయి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు సముద్రంలో వేట నిషేధం అమల్లో ఉంటుంది. వేసవి సెలవుల్లో, మే నెలలో వెళ్లినట్టు రాస్తూ, ఇంజన్ పడవలు గంపల కొద్దీ చేపలతో ఒడ్డుకు చేరాయని వర్ణిస్తే, తీరప్రాంతపు ఉపాధ్యాయులు వెంటనే పట్టుకుంటారు. ఆ నెలలో పడవలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకునే పని సాగుతుంటుంది. అలాగే నెల్లూరు ప్రాంతానికి భారీ వర్షాలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి, నవంబరు వర్ణనలో నిర్మలమైన ఆకాశం రాసేముందు ఆ రోజు ఎలా ఉందో గుర్తు చేసుకోవాలి.

8. దిద్దిన పేరా

వివరాలను పేర్చే వరస కూడా ముఖ్యం. వచ్చిన దారిలోనే, నడిచిన క్రమంలోనే రాస్తే చదివేవాడు తికమకపడడు.

“మార్చి నెలలో ఒక ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు మేము మైపాడు చేరాము. బస్సులో వీపుకు అంటుకుపోయిన చొక్కా, ఇసుకలోకి దిగిన కాసేపటికే సముద్రపు గాలికి ఆరడం మొదలైంది. ఇసుక మొదట్లో ఒకామె బొగ్గుల మీద మొక్కజొన్న కంకులు కాలుస్తూ, కాలిన కంకికి నిమ్మచెక్కతో ఉప్పుకారం రుద్ది ఇస్తోంది. ఇంకాస్త ముందుకు వెళితే, పది పన్నెండు ఫైబర్ పడవలను సముద్రానికి ఎదురుగా వరసగా నిలిపారు. వాటి నీడలో ఇద్దరు జాలర్లు నీలిరంగు నైలాను వలను పరిచి, చిరిగిన కళ్లను దారంతో అల్లుతున్నారు. పొద్దు మా వెనక సవక తోటల మీదికి వాలేసరికి మా నీడలు నీళ్లను తాకేంత పొడవయ్యాయి. తిరుగు బస్సుకు వేళయిందని నాన్న రెండుసార్లు పిలిచినా చెల్లెలు నీళ్లలోంచి రాలేదు.”

వాక్యాల సంఖ్య మారలేదు, ఏడే. కొత్త వాక్యాలు చేర్చకుండా, ఉన్న వాక్యాల్లోని ఖాళీలనే నింపాము. ‘అందం’, ‘ఆనందం’, ‘అద్భుతం’ ఒక్కసారి కూడా రాలేదు.

9. దిద్దిన తరువాత మిగిలే తప్పులు, వాటికి సవరణలు

వివరాలు ఎక్కువైపోవడం. వల, పడవ, బెండ్లు, తాడు, గంప, ఐసు పెట్టె, అన్నింటికీ రంగులతో సహా వర్ణన ఇస్తే పేరా సరుకుల పట్టీలా తయారవుతుంది. ఒక్కో వాక్యానికి ఒకే ముఖ్యమైన వస్తువు ఉంచి, మిగిలినవి తొలగించండి.

విశేషణాలు పేర్చడం. “మెత్తని, తెల్లని, వెచ్చని, మెరిసే ఇసుక” అన్నప్పుడు నాలుగింటిలో ఏదీ నిలవదు. కాలికి తగిలినది ‘వెచ్చని’ అయితే దాన్నే ఉంచండి.

అన్నిచోట్లా అస్పష్టతను వేటాడడం. కొన్నిచోట్ల సాధారణ పదమే సరైనది. “మా వస్తువులు బస్సులోనే వదిలి దిగాము” అన్నప్పుడు సంచిలో ఏమేమున్నాయో చెప్పవలసిన పని లేదు. సంభాషణలో నాన్నమ్మ “భలే బాగుందిరా” అంటే అది ఆమె మాట, దాన్ని దిద్దకూడదు. ప్రదేశాన్ని చూపించే బాధ్యత ఏ వాక్యం మీద ఉందో ఆ వాక్యానికే ఈ నియమాలు.

10. వ్యాసం ఇచ్చేముందు సరిచూసుకునే పట్టిక

- ఊరి పేరు మార్చి చదివాను. కనీసం మూడు వాక్యాలు చెల్లకుండా పోయాయి.
- ‘వస్తువులు’, ‘అవీ ఇవీ’ అన్న చోట కనీసం నాలుగో మెట్టు దాకా దిగాను.
- ‘బాగుంది’ బదులు పర్యాయపదం కాక, కారణం రాశాను.
- లెక్కపెట్టని అంకె ఏదీ రాయలేదు.
- నెల, పూట, దిక్కు వివరాలతో సరిపోతున్నాయి.

పరీక్షలో ఇంత సమయం ఉండదు. అలాంటప్పుడు మొదటి రెండు వాక్యాలనూ చివరి వాక్యాన్నీ మాత్రం ఈ పద్ధతిలో దిద్దండి. మొదట్లో పూటనూ, శరీరానికి తెలిసిన ఒక విషయాన్నీ, చివర మనిషి చేసిన ఒక పనినీ రాయడానికి అయిదు నిమిషాలు చాలు. మధ్య వాక్యాల్లో ఇంకా ఒక ‘చాలా’ మిగిలిపోయినా, దాని కోసం సమయం ఖర్చు చేయకుండా తరువాతి ప్రశ్నకు వెళ్లండి.